పాస్‌వర్డ్ చెకప్ రిపోర్టు: ముందు ఏది మార్చాలి, శుభ్రంగా కనిపించినా ఎందుకు నమ్మకూడదు

క్రోమ్‌లో chrome://password-manager/checkup అని టైపు చేస్తే గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ మీ పాస్‌వర్డులను మూడు కుప్పలుగా చూపిస్తుంది: లీకైనవి, ఒకటికంటే ఎక్కువ చోట్ల వాడినవి, బలహీనమైనవి. బిట్‌వార్డెన్, కీపాస్‌ఎక్స్‌సీ వంటి మేనేజర్లలో పేర్లు కొంచెం మారినా పని ఒకటే. రిపోర్టు తెరవడం, పాస్‌వర్డు మార్చడం మీకు తెలుసుననే అనుకుని రాస్తున్నాను.

సమస్య: జాబితా చాలా పొడవుగా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు

చాలామంది పై నుంచి కిందికి ఒక్కొక్కటే మారుస్తూ పోయి, పదో పాస్‌వర్డు దగ్గర అలసిపోయి ఆపేస్తారు. ఆ పదింటిలో ఎప్పుడో ఒకసారి వాడిన కూపన్ల సైటు ఉంటుంది, ఈమెయిలు మాత్రం ఉండదు. రిపోర్టు పాస్‌వర్డు ఎలా ఉందో చెబుతుందే తప్ప, అది ఏ తలుపుకు తాళమో పట్టించుకోదు.

కనుక ఈమెయిలు జాబితాలో ఉన్నా లేకపోయినా మొదట దాన్నే మార్చండి. 'పాస్‌వర్డు మరిచిపోయాను' అని నొక్కినప్పుడు మిగతా సైట్లలో చాలావాటి లింకులు వచ్చేది ఆ ఈమెయిలుకే. గూగుల్ మేనేజరు వాడేవారికి ఇంకొక సంగతి కూడా ఉంది: ఆ జీమెయిలు పాస్‌వర్డే మీ మొత్తం భోషాణానికి తాళంచెవి. దాన్ని వేరెక్కడా వాడని నాలుగైదు పదాల వరుసగా పెట్టుకుని, కాగితం మీద రాసి ఇంట్లో భద్రపరచండి. రెండో దశ ధ్రువీకరణ కూడా పెట్టండి. మార్చిన తరువాత జీమెయిలు సెట్టింగులలో ఫార్వర్డింగును, ఫిల్టర్లను తప్పక చూడండి. ఎవరైనా లోపలికి వచ్చి మీ ఉత్తరాలు తమకు చేరేలా ఏర్పాటు చేసుకుని ఉంటే, పాస్‌వర్డు మార్చినంత మాత్రాన ఆ ఏర్పాటు పోదు.

ఆ తరువాత లీకైన కుప్ప. గూగుల్ ఇక్కడ చూపేది మీ యూజర్‌నేమూ పాస్‌వర్డూ జంటగా బయటపడిన సందర్భాలను, కాబట్టి అవి ఊహతో పెట్టిన హెచ్చరికలు కావు. అందులోనూ, లీకైన అదే పాస్‌వర్డు వేరే చోట కూడా ఉంటే ఆ గుంపు మొత్తాన్నీ ఒకే కూర్చున్నపాటున పూర్తి చేయండి. డబ్బు కదిలే ఖాతాలు, కార్డు దాచిన షాపింగ్ సైట్లు ముందు, మిగతావి తరువాత. బలహీనమైనవాటిని చివరికి వదిలినా నష్టం తక్కువ.

సమస్య: మార్చాను, అయినా లాగిన్ కావడం లేదు

ఇందులో నేను మళ్ళీ మళ్ళీ చూసే కారణం ఒక్కటే. మేనేజర్‌లో ఉన్న పాస్‌వర్డును దిద్దారు, సైటులో మాత్రం మార్చలేదు. మేనేజర్‌లో ఉన్నది కేవలం ఒక నకలు. అక్కడ దిద్దితే రిపోర్టు నుంచి ఎర్ర గుర్తు పోతుంది, కాని సైటులో పాత పాస్‌వర్డే పనిచేస్తూ ఉంటుంది. అంటే ప్రమాదం అలాగే ఉంది, మీ దగ్గరున్న తాళంచెవి మాత్రం పనికిరాకుండా పోయింది. మార్పు సైటులో మొదలు కావాలి. అక్కడ అంగీకరించాకే మేనేజరు దాన్ని దాచుకోవాలి. ప్రతి మార్పు తరువాత ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, మేనేజర్‌లో దాచిన పాస్‌వర్డుతో ఒకసారి లాగిన్ అయి చూడండి. ఒక నిమిషం కూడా పట్టని ఈ పరీక్షను దయచేసి వదిలేయకండి.

సమస్య: రిపోర్టులో ఒక్క ఎర్ర గుర్తు కూడా లేదు, అయినా ఖాతాలోకి ఎవరో వచ్చారు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. మా బావ ఖాతాలను నేనే కూర్చుని సరిచేశాను. లీకైనవి మూడు, తిరిగి వాడినవి పదకొండు, అన్నీ మార్పించి, రిపోర్టులో ఆ రెండు కుప్పలూ సున్నాకు వచ్చాయని చూసి లేచాను. రెండు నెలల తరువాత ఆయన షాపింగ్ ఖాతాలో ఆయన పెట్టని ఆర్డరు ఒకటి కనిపించింది. అప్పుడు పాస్‌వర్డులన్నీ వరుసగా పెట్టి చూస్తే సంగతి బయటపడింది:

```
Godavari@2018
Godavari@2021
Godavari@2021a
Godavari#rail
godavari@2023
```

ఇలాంటివి పంతొమ్మిది. నేను 'మార్చండి' అన్నప్పుడల్లా ఆయన చివరి ముక్కనో, ఒక అక్షరాన్నో మాత్రమే మార్చారు. రిపోర్టు పోల్చేది అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్న పాస్‌వర్డులను మాత్రమే, కనుక దాని దృష్టిలో ఇవన్నీ వేర్వేరు. బలహీనమైనవాటిలోనూ ఇవి పడలేదు. పాస్‌వర్డులు ఛేదించే ప్రోగ్రాములు మాత్రం అలా చూడవు. లీకైన పదం దొరికితే దాని చివర సంవత్సరాన్ని మార్చి, అంకె చేర్చి, పెద్దక్షరాన్ని చిన్నది చేసి ప్రయత్నించే నియమాలు వాటిలో సిద్ధంగా ఉంటాయి. ఒకటి బయటపడితే మిగతా పద్దెనిమిదీ సగం బయటపడినట్టే.

దీన్ని పట్టుకోవాలంటే పాస్‌వర్డులను పక్కపక్కన పెట్టి చూడాలి. కీపాస్‌ఎక్స్‌సీలో వెతుకుపెట్టెలో pw:godavari అని రాస్తే ఆ ముక్క ఉన్నవన్నీ వస్తాయి. క్రోమ్‌లో పాస్‌వర్డు విషయాన్ని బట్టి వెతకలేము. కాబట్టి chrome://password-manager/settings లోకి వెళ్ళి సీఎస్‌వీ ఫైలుగా దించుకోవాలి. మొదటి వరుస ఇలా ఉంటుంది:

```
name,url,username,password,note
```

ఈ ఫైలులో పాస్‌వర్డులు తెరిచిన పుస్తకంలా ఉంటాయి. దాన్ని ఆన్‌లైన్ స్ప్రెడ్‌షీటులో తెరవకండి. డెస్క్‌టాపు క్లౌడులోకి తనంతట తాను నకలయ్యే అమరిక ఉంటే అక్కడ దాచకండి. ఇంటర్నెట్ ఆపి, లిబ్రేఆఫీసులోనో ఎక్సెల్‌లోనో తెరిచి, password నిలువు వరుసను అక్షరక్రమంలో అమర్చండి. ఒకే మొదలుతో ఉన్నవి ఒకచోట చేరతాయి. మీరు అలవాటుగా వాడే పదం నడుమ భాగాన్ని, ఉదాహరణకు davari అన్న ముక్కను, కంట్రోల్ ఎఫ్‌తో కూడా వెతకండి. ముందు గుర్తు పెట్టినవీ, ఓ బదులు సున్నా వేసినవీ అలా మాత్రమే దొరుకుతాయి. మార్చవలసిన సైట్ల పేర్లను మాత్రం కాగితం మీద రాసుకుని, ఫైలును షిఫ్ట్ డిలీట్‌తో తొలగించండి.

ఇలా ఒకే పదం నుంచి పుట్టిన పాస్‌వర్డులన్నీ ఒక కుటుంబం అనుకుంటే, అందులోని ప్రతిదాన్నీ మేనేజరు పుట్టించిన యాదృచ్ఛిక పాస్‌వర్డుతో మార్చండి. సొంతంగా కొత్త పదం ఎంచుకుంటే ఇంకో కుటుంబం మొదలవుతుంది. మా బావకు ఆ పంతొమ్మిదీ మార్చడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

మిగిలినవి

కొన్ని మేనేజర్లు పాతబడిన పాస్‌వర్డులను విడిగా చూపిస్తాయి. క్రోమ్ చెకప్‌లో ఆ కుప్ప లేదు. పొడవుగా, ఒకేచోట వాడిన, లీకు కాని పాస్‌వర్డుకు పదేళ్ళ వయసున్నా అది దోషం కాదు. గడువు పెట్టి మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017 లోనే సూచించింది. అలా బలవంతంగా మార్పించినప్పుడే జనం చివరి అంకెను పెంచుకుంటూ పోతారు.

amazon.in, amazon.com రెండూ తిరిగి వాడినవిగా కనిపిస్తే కంగారు పడనవసరం లేదు, రెండింటికీ ఒకే ఖాతా పనిచేస్తుంది. నాలుగంకెల పిన్‌ను సైటే కోరితే దాన్ని బలహీనమని చూపినా చేయగలిగింది లేదు. మూతపడిన సైట్ల నమోదులను తొలగిస్తే చాలు, కాని తొలగించే ముందు అందులోని పాస్‌వర్డు వేరెక్కడైనా వాడుకలో ఉందేమో చూసుకోండి.