ఇంట్రో కుదిస్తే నిజంగా లాభమా? లెక్క తేల్చిన పద్ధతి

యూట్యూబ్‌లో ఒకే వీడియోను రెండు ఇంట్రోలతో సగం సగం మందికి చూపించే వీలు లేదు. అందుకే వంటల వీడియోల్లో 40 సెకన్ల ఇంట్రోను 10కి తగ్గించాక, పాతవి పది, కొత్తవి పది తీసుకుని, ఒక్కోదానికి మొదటి 7 రోజుల లెక్క మాత్రమే చూశాను. పాత వీడియోకు నెలల తరబడి వచ్చిన చూపులు కలిపితే పోలికే చెడుతుంది.

30వ సెకను దగ్గర రిటెన్షన్ చూడకండి. అక్కడ పాతదాంట్లో ఇంకా పలకరింపులే, కొత్తదాంట్లో అప్పటికే పోపు చిటపటలాడుతోంది. వంట మొదలైన రెండు నిమిషాలకు ఎంతమంది మిగిలారో చూడాలి: పాతదాంట్లో 2:40, కొత్తదాంట్లో 2:10.

అలా చూస్తే సగటు 42 నుంచి 47 శాతానికి పెరిగింది. కానీ కొత్తవాటిలో దసరా పిండివంటలు ఎక్కువ, వెతుక్కుని వచ్చినవాళ్లే ఎక్కువ. వాళ్లు ఎలాగూ ఆగి చూస్తారు. సెర్చ్ నుంచి వచ్చినవాళ్లను పక్కన పెడితే తేడా ఒక్క శాతమే. పాత వీడియోల మధ్యే 38 నుంచి 50 దాకా తేడా ఉన్నప్పుడు ఆ ఒక్క శాతాన్ని లాభమనలేం.

ఇప్పుడు పచ్చళ్ల సిరీస్‌కు పాత ఇంట్రోనే ఉంచాను. కొత్త ఇంట్రో వీడియోలతో పాటు అదే వారాల్లో ఆ సిరీస్‌లోనూ రిటెన్షన్ పెరిగితే, కారణం ఇంట్రో కాదు.