డయాఫ్రం పాఠాలు - 4: మూడు దారులు, అందులో జారిపోయేది ఒకటే

గత పాఠంలో డయాఫ్రం కండరం ఎక్కడెక్కడ పుడుతుందో చూశాం. పక్కటెముకల నుంచి, వెన్నుపూసల నుంచి బయల్దేరిన పోగులన్నీ నడిమి స్నాయువులో కలుస్తాయని చెప్పుకున్నాం. ఈసారి దానిలోని మూడు పెద్ద దారులు. అవి 8, 10, 12వ థొరాసిక్ పూసల ఎత్తున ఉంటాయి. బ్రిటిష్ ఇంగ్లీషు స్పెల్లింగులో వీనా కేవాకు 8 అక్షరాలు, ఈసోఫేగస్‌కు 10, అయోర్టిక్ హయేటస్‌కు 12. పరీక్షకు ఈ గుర్తు చాలు. రోగి మంచం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ దారి దేనిలోంచి పోతోందో తెలియాలి.

8వ పూస దగ్గరి దారి స్నాయువులో, మధ్యగీతకు కాస్త కుడివైపు ఉంటుంది. ఇందులోంచి కిందిభాగపు మహాసిర, కుడి ఫ్రెనిక్ నరం కొమ్మలు పోతాయి. సిర గోడ స్నాయువుకు అతుక్కునే ఉంటుంది. అందుకే ఊపిరి పీల్చినప్పుడు దారి నొక్కుకోదు సరికదా, ఇంకాస్త సాగుతుంది. గుండెకు రక్తం తేలిగ్గా చేరుతుంది.

12వ పూస దగ్గరిది అసలు కన్నమే కాదు. డయాఫ్రం కాళ్ల లాంటి కుడి, ఎడమ క్రస్‌ల మధ్య మీడియన్ ఆర్క్యుయేట్ లిగమెంట్ కమానులా ఉంటుంది. బృహద్ధమని దాని వెనకనుంచి, వంతెన కింద కాలవలా పోతుంది. థొరాసిక్ డక్ట్, చాలామందిలో అజైగస్ సిర కూడా ఈ దారే. కండరం బిగిసినా ధమనిని నొక్కదు.

చిక్కంతా 10వ పూస దగ్గర. ఆహారవాహిక, దానితోపాటు ముందూ వెనకా ఉండే రెండు వేగస్ నరాల కాండాలు, ఎడమ గ్యాస్ట్రిక్ రక్తనాళాల కొమ్మలు పోయేది కండరంలోంచి. ఎక్కువమందిలో కుడి క్రస్ పోగులే చీలి, ఆహారవాహిక చుట్టూ ఉచ్చులా తిరుగుతాయి. దారి మాత్రం మధ్యగీతకు ఎడమవైపు ఉంటుంది. కుడి క్రస్ పేరు చూసి దారినీ కుడివైపే గీసేయడం ఇక్కడ తరచూ పడే తప్పు. ఊపిరి పీల్చగానే ఉచ్చు బిగుస్తుంది. కడుపులో ఒత్తిడి పెరిగే ఆ క్షణానే తలుపు మూసుకోవడం ఆమ్లం పైకి రాకుండా చేసే ఏర్పాటు. అయితే ఆహారవాహిక ఇక్కడ అతుక్కుని ఉండదు, ఫ్రెనోఈసోఫేజియల్ లిగమెంట్ అనే సాగే పొర పట్టుకుని ఉంటుంది. వయసుతోనో, ఏళ్ల తరబడి కడుపులో ఒత్తిడితోనో ఆ పొర వదులైతే కడుపు పైభాగం ఛాతీలోకి జారుతుంది.

ఈ ఎత్తుల్ని వీపు మీద వెతికి చూడండి. చేతులు కిందికి వదిలి నిలబడితే భుజపు ఎముక కింది మొన సుమారుగా 7వ పూస ముల్లుకు సమంగా ఉంటుంది. ఛాతీ నడుమ ముళ్లు ఏటవాలుగా దిగుతాయి కాబట్టి 7వ ముల్లు మొన తగిలేచోట లోపల ఉండేది 8వ పూస కాయం. అలాగే 10వ పూస దారికి 9వ ముల్లు మొన దగ్గర వెతకాలి. 12వ పూసకు వచ్చేసరికి ముల్లు, కాయం దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. ముల్లు లెక్కనే కాయం లెక్క అనుకుంటే పై రెండు దారులూ ఒక పూస కిందికి పడతాయి. పైగా ఇవి పడుకున్న మనిషి నెమ్మదిగా ఊపిరి తీసినప్పటి లెక్కలు, ఊపిరితోపాటు పైకీ కిందికీ కదులుతుంటాయి.

ఇప్పుడొక కేసు అనుకుందాం. చీపురుపల్లి దగ్గర ఉభాలకు వెళ్లే 55 ఏళ్ల ఆమెకు పొలంలో వంగగానే గుండెల్లో మంట, గొంతులోకి పుల్లటి నీళ్లు. నిలబడితే తగ్గుతుంది. ఎండోస్కోపీలో కొలత ముందుపళ్ల నుంచి మొదలుపెట్టి తీస్తారు. కడుపు ముడతల పై అంచు 35 సెంటీమీటర్ల దగ్గర, డయాఫ్రం నొక్కు 39 దగ్గర కనిపించాయి. కడుపు 4 సెంటీమీటర్లు పైకి వచ్చిందన్నమాట. ఇది జారుడు హయేటస్ హెర్నియా.

నొక్కు ఏదో తేల్చుకోలేకపోతే ఆమెను గాలి పీల్చమనండి, బిగిసేదే నొక్కు. రంగు మారే జెడ్ గీతను మాత్రమే నమ్ముకోవద్దు. ఆహారవాహిక కింది పొర పేగు పొరలా మారే బారెట్స్ ఉన్నవారిలో ఆ గీత తనంతట తానే పైకి జరిగి ఉంటుంది, అందుకే ముడతల అంచు నుంచి కొలవాలి. ఓకరింత వస్తున్నప్పుడు, గాలి ఎక్కువగా నింపినప్పుడు కొలిచినా అంకె పెరుగుతుంది. మింగినప్పుడు మామూలు మనిషిలోనే ఆహారవాహిక, కడుపు కలిసేచోటు 2 సెంటీమీటర్ల దాకా కదులుతుంది, అందుకే అంతకు తక్కువ తేడాను హెర్నియా అని రాయడానికి తొందరపడకూడదు.

అభ్యాసం: ముడతల అంచు 38, నొక్కు 39. రిపోర్టులో ఏం రాస్తారు? ఒక వాక్యంలో కారణంతో రాసి ఉంచండి. జవాబు, చిన్న దారులు, ఎడమ ఫ్రెనిక్ నరం కథ 5వ పాఠంలో.