రూమింగ్ లిస్ట్ పంపే ముందు: అతిథి పేరును రెండుసార్లు టైపు చేయకండి

గత వారం తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగిన ఒక బృందంలోని పెద్దావిడకు హైదరాబాద్‌లోని హోటల్లో గది దొరకలేదు. డబ్బు కట్టారు, కన్ఫర్మేషన్ కూడా వచ్చింది. ఇబ్బంది అంతా ఆమె పేరుతోనే. నవంబరు నుంచి పెళ్లిళ్లు, ఎన్నారైల రాకలు కలిసి వచ్చే రోజులు కనుక, ఏజెంట్లు ఈ సంగతిని ముందే తెలుసుకోవడం మంచిది.

పేరు మార్చి చెబుతున్నాను. రూమింగ్ లిస్ట్‌ను ఆఫీసులో ఒకరు, కుటుంబ సభ్యులు వాట్సాప్‌లో పంపిన పేర్లను చూసి తయారు చేశారు. అందులో ఆమె `Lakshmi V`. అరైవల్ మేనిఫెస్ట్‌ను మరొకరు టికెట్లను చూసి తయారు చేశారు. అందులో ఆమె `VEMULAPALLI/VENKATALAKSHMI MRS`. గదుల వివరాలు మొదటి దానిలో, విమానం నంబరు, దిగే సమయం రెండో దానిలో ఉంటాయి. ఆ రెంటినీ కలిపేది పేరొక్కటే. పేర్లు కలవకపోయేసరికి ఫ్రంట్ ఆఫీస్ వారికి ఇద్దరు మనుషులు కనిపించారు: గది ఉండి విమానం లేని ఒకరు, విమానం ఉండి గది లేని మరొకరు. రాత్రి లెక్కలు ముగించే వేళకు మొదటి ఆవిడ రాలేదు కనుక నో-షోగా గుర్తించి, ఆ గదిని అప్పటికప్పుడు వచ్చిన వేరొకరికి ఇచ్చేశారు. పెద్దావిడ వచ్చాక కౌంటరులో పాస్‌పోర్టు చూపితే, అందులోని ఇంటిపేరుతో వెతికిన ఉద్యోగికి రిజర్వేషనే కనబడలేదు.

హోటల్ సాఫ్ట్‌వేర్‌లో సాధారణంగా ఇంటిపేరుతోనే వెతుకుతారు. మన పేర్లతో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మనం ఇంటిపేరును ఒక అక్షరానికి కుదించి రాస్తాం; పాస్‌పోర్టులో అది పూర్తిగా ఉంటుంది. అందుకే పేరును పాస్‌పోర్టు నుంచి ఒక్కసారే టైపు చేయండి. రెండో పత్రంలోకి దానినే కాపీ చేయండి.

ఇంటిపేరు ఎక్కడ ముగుస్తుందో అనుమానం ఉంటే, పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున ఉండే రెండు వరుసల్లో పై వరుసను చూడండి:

```
P<INDVEMULAPALLI<<VENKATA<LAKSHMI<<<<<<<<<<<
```

దేశం కోడ్ తరువాత వచ్చేది ఇంటిపేరు. జంట గుర్తుల తరువాత వచ్చేది సొంత పేరు. ఒంటి గుర్తు ఉన్నచోట ఖాళీ వదలాలి. అయితే ఆ వరుసలో పేరుకు 39 స్థానాలే ఉంటాయి కనుక, చాలా పొడవైన పేర్లు చివర తెగిపోతాయి. అటువంటప్పుడు పైన అచ్చయిన పూర్తి పేరునే తీసుకోండి.

ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మన దగ్గర తక్కువేమీ కాదు. అటువంటి వారి టికెట్‌పై ఇంటిపేరుగా ఏది పడిందో, లిస్ట్‌లోనూ ఇంటిపేరు కాలమ్‌లో అదే రాసి, రిమార్కులలో “పాస్‌పోర్టులో ఇంటిపేరు లేదు” అని తెలపండి. తండ్రి పేరునో, భర్త ఇంటిపేరునో సొంతంగా చేర్చవద్దు.

పాతబస్తీ కుటుంబాల లిస్టుల్లో మరో పొరపాటు తరచుగా కనిపిస్తుంది. `MOHAMMED`, `MOHAMMAD`, `MOHD`, `MD` అన్నీ ఒకటేనని మనకు అనిపించవచ్చు; వెతికే యంత్రానికి అవి నాలుగు వేర్వేరు పేర్లు. పాస్‌పోర్టులో `MD` ఉంటే `MD` అనే రాయండి. దానిని విడదీసి పూర్తి చేయడం మర్యాద కాదు, తప్పు.

ఇంటిపేరుకు ఒక కాలమ్, సొంత పేరుకు మరొకటి. `MR`, `MRS` వేరే కాలమ్‌లో పెట్టండి, పేరుకు అతికించవద్దు. అన్నీ పెద్ద అక్షరాలే. “రావు గారి ఫ్యామిలీ - 4” అని రాయకండి. నలుగురి పేర్లూ రాయండి, పిల్లల వయసుతో సహా. `Rao` చివర ఉన్నంత మాత్రాన అది ఇంటిపేరు అనుకోకండి. ఒకే గదిలో ఉండే ఇద్దరికీ ఒకే వరుస సంఖ్య ఇవ్వండి; మేనిఫెస్ట్‌లోనూ ఆ సంఖ్యే ఉండాలి. తేదీని `03/04` అని కాక `03-APR` అని రాయండి. 12వ తేదీ తెల్లవారుజామున 2 గంటలకు దిగేవారికి గది 11వ తేదీ రాత్రి నుంచే కావాలి, ఆ మాట లిస్ట్‌పైనే రాయండి. ఫోనులో పేరు చెప్పి దిద్దించకండి. ఒక పేరు మారితే రెండు పత్రాలూ మార్చి, కొత్త తేదీతో మళ్లీ పంపండి, మారిన వరుసకు రంగు వేయండి. పాత ఫైలును పట్టించుకోవద్దని మెయిల్‌లో స్పష్టంగా రాయండి. పేరును రెండోసారి టైపు చేయకండి. కాపీ చేయండి. బృందం బయలుదేరే ముందు రోజు, హోటల్ వారు తమ సిస్టమ్ నుంచి తీసిన లిస్ట్‌ను తెప్పించుకుని, మీ ఫైలుతో వరుస వరుసా పోల్చి చూడండి.