క్లయింట్‌ను, బిల్డింగ్ ఓనర్‌ను మన పాలసీలో చేర్చి ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ తీసుకోవడం ఎలా?

రుషికొండలో ఒక ఆఫీసుకు ఏసీల మెయింటెనెన్స్ కాంట్రాక్టు దొరికిన మొదటి రోజే మా కుర్రాళ్లను గేటు దగ్గర ఆపేశారు. చేతిలో ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ ఉంది, దాని మీద క్లయింట్ పేరు కూడా ఉంది. అయితే ఆ పేరు ‘ఈ సర్టిఫికెట్ ఎవరికి ఇస్తున్నాం’ అనే గడిలో మాత్రమే ఉంది. పాలసీలో వాళ్లు ఎక్కడా లేరు. నిచ్చెనలు, గ్యాస్ సిలిండర్లు ఆటోలో వేసుకుని మా కుర్రాళ్లు సీతమ్మధార తిరిగొచ్చేశారు. ఆ రోజు పోయింది.

సర్టిఫికెట్ అంటే ఫలానా రోజున పాలసీ ఇలా ఉందని చెప్పే కాగితం, అంతే. దాని వల్ల పాలసీలో ఒక్క అక్షరం కూడా మారదు. పాలసీని మార్చేది ఎండార్స్‌మెంట్. క్లయింట్‌ను గానీ బిల్డింగ్ ఓనర్‌ను గానీ ‘అడిషనల్ ఇన్ష్యూర్డ్’గా, అంటే మన పాలసీ రక్షణ తమకూ దక్కే పార్టీగా, చేయాలంటే ముందు ఆ ఎండార్స్‌మెంట్ రావాలి, తర్వాత దాన్ని చూపిస్తూ సర్టిఫికెట్ రావాలి. చాలామంది సర్టిఫికెట్ ఒక్కటే అడుగుతారు, అడిగినట్టే ఇచ్చేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

అగ్రిమెంట్‌తో మొదలుపెట్టండి

ఏజెంటుకు ఫోన్ చేసే ముందు కాంట్రాక్టులో ఇన్సూరెన్స్ క్లాజు తీసి నెమ్మదిగా చదవండి. మా దాంట్లో మూడు సంగతులు ఉన్నాయి. క్లయింట్‌ను, బిల్డింగ్ ఓనర్‌ను ఇద్దరినీ చేర్చాలి. ఒక్కో ప్రమాదానికి కోటి రూపాయల లిమిట్ ఉండాలి. కాంట్రాక్టు ఉన్నంత కాలం కవర్ ఆగకూడదు.

పేర్ల దగ్గర చాలా జాగ్రత్త అవసరం. బిల్డింగ్‌ను అందరూ బోర్డు మీద ఉన్న పేరుతోనే పిలుస్తారు, కానీ లీజులో ఓనర్ వేరే పేరున్న ఎల్‌ఎల్‌పీ కావచ్చు. బోర్డు పేరు రాసి పంపితే ఎండార్స్‌మెంట్‌లో ఉన్నది వేరే పార్టీ అవుతుంది. అగ్రిమెంట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. జీఎస్టీ నంబరు, రిజిస్టర్డ్ అడ్రసు కూడా క్లయింట్ దగ్గరే అడిగి తీసుకోండి.

మీ పాలసీ పక్కన పెట్టి చూడండి

ఈ పనికి కావలసింది కమర్షియల్ జనరల్ లయబిలిటీ పాలసీ. అంటే మన పని వల్ల బయటివాళ్లకు గాయమైనా, వాళ్ల ఆస్తి పాడైనా చూసుకునే పాలసీ. మా పాలసీలో లిమిట్ ఒక్కో ప్రమాదానికి 50 లక్షలే. కాంట్రాక్టు అడిగింది కోటి. ఈ తేడాను సర్టిఫికెట్‌లో ఎవరూ సర్దలేరు. లిమిట్ పెంచమని కంపెనీని అడిగి అదనపు ప్రీమియం కట్టాలి, లేదంటే 50 లక్షలకు ఒప్పుకున్నామని క్లయింట్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. మేం లిమిట్ పెంచుకున్నాం. ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. ఇద్దరిని చేర్చినంత మాత్రాన ఒక్కొక్కరికి విడిగా కోటి రాదు. మనకూ వాళ్లిద్దరికీ కలిపి ఉండేది ఆ ఒక్క లిమిటే.

చేర్చడం వల్ల వాళ్లకు దక్కేదేమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. మా టెక్నీషియన్ ఏసీ డ్రెయిన్ పైపు సరిగ్గా బిగించలేదనుకోండి. నీళ్లు కారి కింది అంతస్తులో ఇంకొకరి కంప్యూటర్లు పాడయ్యాయి. వాళ్లు మా మీదా, బిల్డింగ్ ఓనర్ మీదా కలిపి దావా వేశారు. ఓనర్ తరఫున కూడా మా పాలసీయే నిలబడుతుంది. అదే ఓనర్ చూసుకోవలసిన పైకప్పు కారి నష్టం జరిగితే మా పాలసీకి సంబంధం లేదు. ఎండార్స్‌మెంట్‌లో మాటలు మామూలుగా ‘పాలసీదారు చేసే పని వల్ల వచ్చే బాధ్యత మేరకు’ అన్న అర్థంలోనే ఉంటాయి, ఉండాల్సింది కూడా అంతే.

ఇక్కడ మరో ప్రశ్న వస్తుంది. అదే నీళ్లు ఓనర్ సొంత ఫ్లోరింగ్‌నే పాడుచేస్తే? ఆయన కూడా ఇప్పుడు మన పాలసీలోనే ఉన్నాడు కాబట్టి ‘బయటివాడు’ ఎలా అవుతాడని క్లెయిమ్ వేళ పేచీ రావచ్చు. చేర్చిన ఒక్కొక్కరినీ విడి పాలసీ ఉన్నట్టే చూడాలని చెప్పే క్రాస్ లయబిలిటీ క్లాజు దానికే. అది పాలసీలో ఉందో లేదో చూసి, లేకపోతే కింద చెప్పే లెటర్‌లోనే అడగండి.

లెటర్

ఏజెంటు లేదా బ్రోకరుకు ఈమెయిల్ పంపుతూ, పాలసీ మొదటి పేజీలో ఉన్న ఇష్యూయింగ్ ఆఫీసుకు కూడా కాపీ పెట్టండి. పని మొదలయ్యే తేదీకి కనీసం పది రోజుల ముందు పంపడం మంచిది, ఎందుకంటే ఇలాంటి మార్పులకు బ్రాంచి పైఆఫీసు అనుమతి తీసుకోవాల్సి రావచ్చు. నేను రాసినది దాదాపు ఇలా ఉంటుంది:

‘మా లయబిలిటీ పాలసీ నంబరు ఫలానా. ఈ కింది ఇద్దరిని జులై 1 నుంచి అడిషనల్ ఇన్ష్యూర్డ్‌గా చేరుస్తూ ఎండార్స్‌మెంట్ ఇవ్వగలరు. వారి పూర్తి పేర్లు, అడ్రసులు కింద ఉన్నాయి. పని: రుషికొండలోని ఫలానా భవనం మూడో అంతస్తులో ఏసీల మెయింటెనెన్స్. లిమిట్‌ను 50 లక్షల నుంచి కోటికి పెంచగలరు. క్రాస్ లయబిలిటీ క్లాజు వర్తిస్తుందని తెలపగలరు. అదనపు ప్రీమియం ఎంతో చెబితే వెంటనే కడతాం. ఎండార్స్‌మెంట్ నంబరు చూపిస్తూ ఇద్దరికీ విడివిడిగా సర్టిఫికెట్ ఇవ్వగలరు. కాంట్రాక్టులోని ఇన్సూరెన్స్ క్లాజు జతచేస్తున్నాం.’

క్లాజు జతచేయడం మరచిపోవద్దు. అది చూస్తే కంపెనీవాళ్లు ఏ మాటలు కావాలో తెలుసుకుంటారు, ప్రశ్నలు తగ్గుతాయి.

డబ్బు, తేదీ

అదనపు ప్రీమియం ఉంటే దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. కంపెనీ చెప్పిన మొత్తాన్ని పని మొదలవకముందే కట్టేయండి. ఇన్సూరెన్స్ చట్టం 64 విబి సెక్షన్ ప్రకారం ప్రీమియం అందకుండా కంపెనీ రిస్కు తీసుకోకూడదు. ‘మీరు పని మొదలుపెట్టండి, పేపర్లు వెనక వస్తాయి’ అని ఏజెంటు అన్నా సరే, ఆ మధ్యలో ఏదైనా జరిగితే నష్టం మన నెత్తినే పడుతుంది.

చేతికి వచ్చాక

ఏజెంటు సొంత లెటర్‌హెడ్ మీద టైపు చేసి ఇచ్చింది తీసుకోకండి, పాలసీని మార్చే అధికారం ఏజెంటుకు లేదు. కంపెనీ ఇచ్చిన ఎండార్స్‌మెంట్ ముందు చూడండి: ఇద్దరి పేర్లు అగ్రిమెంట్‌లో ఉన్నట్టే ఉన్నాయా, అమలు తేదీ పని మొదలయ్యే రోజుకు ముందుదా లేక అదే రోజా, ‘అడిషనల్ ఇన్ష్యూర్డ్’ అన్న మాట ఉందా. సర్టిఫికెట్‌లో ఎండార్స్‌మెంట్ నంబరు, కొత్త లిమిట్ కనిపించాలి. క్లయింట్‌కు రెండూ కలిపే పంపండి.

మన మనుషులకు గాయమైతే ఈ పాలసీ పనికిరాదు. నిచ్చెన మీంచి మా కుర్రాడు పడిపోతే దానికి పనివాళ్ల నష్టపరిహారం పాలసీ వేరే ఉండాలి. అలాంటప్పుడు పని ఇచ్చినవారిని కూడా పరిహారం అడిగే వీలు చట్టంలో ఉంది, కాబట్టి క్లయింట్ ఆ పాలసీలోనూ తన పేరు కోరడం సహజం. అక్కడ అడగాల్సింది అడిషనల్ ఇన్ష్యూర్డ్ కాదు, ప్రిన్సిపల్‌కు, అంటే పని ఇచ్చినవారికి, రక్షణనిచ్చే ‘ఇండెమ్నిటీ టు ప్రిన్సిపల్’ ఎండార్స్‌మెంట్. దానికి లెటర్ విడిగా పెట్టండి.

మా పాలసీ అక్టోబరు 14తో అయిపోతుంది, కాంట్రాక్టు మాత్రం వచ్చే జూన్ దాకా ఉంది. రెన్యువల్‌లో ఎండార్స్‌మెంట్ దానంతటదే వస్తుందని అనుకోకూడదు. రెన్యువల్ కోట్ అడిగేటప్పుడే పాత ఎండార్స్‌మెంట్ కాపీ పంపి, కొత్త పాలసీలోనూ ఇద్దరినీ చేర్చమని అడగాలి. నేను సెప్టెంబరు 20కే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాను.