వృద్ధి రేటును ఒక్క శాతం మారిస్తే వ్యాపారం విలువ ఎగిరిపోతోందా? సమస్య - పరిష్కారం

లక్షణం

ఒకే యంత్రంతో నడిచే చిన్న ముద్రణాలయాన్ని తీసుకుందాం. కరెన్సీ పేరు పక్కన పెడితే, వచ్చే మూడేళ్లలో యజమాని చేతికి వరుసగా 100, 110, 120 మిగులుతాయని అంచనా. భవిష్యత్తులో వచ్చే డబ్బును నేటి విలువకు తగ్గించే డిస్కౌంట్ రేటు 12 శాతం అనుకుంటే, ఈ మూడింటి నేటి విలువ సుమారు 89, 88, 85, కలిపితే 262. ఆ తరువాతి కాలమంతటిలో వచ్చే డబ్బుకు కలిపి ఒకే మొత్తంగా టెర్మినల్ వాల్యూ కడతాము. కింది సూత్రంలో TV అంటే అదే; FCF4 అంటే నాలుగో ఏడాది చేతికి మిగిలేది, అంటే మూడో ఏడాది 120ని వృద్ధి రేటుతో పెంచినది; r డిస్కౌంట్ రేటు, g శాశ్వత వృద్ధి రేటు.

```
TV = FCF4 / (r - g)
```

ఇక్కడ శాశ్వత వృద్ధి రేటును 9 శాతంగా వేసి, వచ్చిన TVని మూడేళ్లు వెనక్కి, నేటి విలువకు తెచ్చి 262 కలిపితే మొత్తం విలువ 3,366 వస్తుంది. 10 శాతం వేస్తే 4,960 వస్తుంది. ముద్రణాలయంలో ఏదీ మారకుండానే విలువ దాదాపు సగం పెరిగింది.

కారణం

మొదటిది స్పష్టమే: 12 నుంచి 9 తీసివేస్తే మిగిలేది 3, 10 తీసివేస్తే 2, హారం అంత చిన్నదైనప్పుడు ప్రతి అంచనా పొరపాటూ అనేక రెట్లవుతుంది. పైగా ఆర్థిక వ్యవస్థ కన్నా వేగంగా ఏ వ్యాపారమూ శాశ్వతంగా పెరగలేదు కనుక, రేటును 4 శాతానికి తగ్గించడం సమంజసం. అప్పుడు విలువ 1,373. (12 శాతంలో ద్రవ్యోల్బణం కలిసి ఉంటే, వృద్ధి రేటులోనూ అది కలిసి ఉండాలి.)

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అసలు లోపం మాత్రం ఇంకా లోపలే ఉంటుందని నా అభిప్రాయం. మొదటి నాలుగేళ్ల పెరుగుదల యంత్రం ఖాళీగా ఉండే గంటలను వాడుకోవడం వల్ల వస్తుంది, కాబట్టి దానికి కొత్త పెట్టుబడి అవసరం లేదు. నాలుగో ఏడాదికి ఆ గంటలు నిండిపోతాయి. ఆపైన ఒక్క శాతం పెరగాలన్నా అదనపు యంత్రానికి డబ్బు పెట్టాలి. మన లెక్కలో ఆ ఖర్చు ఎక్కడా లేదు.

సవరణ

కొత్తగా పెట్టే ప్రతి 100కు ఏటా 16 లాభం వస్తుందనుకుంటే, 4 శాతం వృద్ధికి లాభంలో 4/16, అంటే నాలుగో వంతు, తిరిగి వ్యాపారంలోకే వెళ్లాలి. నాలుగో ఏడాది లాభం 124.8లో యజమానికి మిగిలేది 93.6 మాత్రమే. దానిని 0.08తో భాగిస్తే 1,170. మూడేళ్లు వెనక్కి తెస్తే 833. మొదటి 262 కలిపితే మొత్తం విలువ 1,095.

సవరణ పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి వృద్ధి రేటును మళ్లీ 5 శాతానికి పెంచి చూడాలి. పెట్టుబడి వాటాను కూడా 5/16కు పెంచితే విలువ 1,143 అవుతుంది, అంటే పెరుగుదల 4 శాతం చిల్లరే. పెట్టుబడి వాటాయే లేని పాత లెక్కలో, అంటే 1,373 నుంచి, అది 12 శాతం పైచిలుకు. నాలుగో ఏడాది లాభాన్ని 124.8 దగ్గరే ఉంచి, కొత్త పెట్టుబడిపై రాబడి 16కు బదులు 12 శాతమే అనుకుంటే, వృద్ధి రేటును ఎంత మార్చినా విలువ కదలదు. 12 కన్నా తక్కువైతే, పెరిగేకొద్దీ విలువ తరిగిపోతుంది.

సవరించాక కూడా మొత్తం విలువలో టెర్మినల్ వాల్యూ వాటా 76 శాతం ఉంటుంది. అది తప్పు కాదు, విడిగా లెక్కించింది మూడేళ్లే కనుక అలా వస్తుంది. ఇకపై గట్టిగా ప్రశ్నించవలసింది ఆ 16 శాతాన్ని: పక్కనే మరో ముద్రణాలయం వచ్చాక కూడా ఆ రాబడి నిలుస్తుందా అన్నది సూత్రం చెప్పదు, వ్యాపారాన్ని చూసి నిర్ణయించుకోవాలి.