తాతగారి పుస్తకం, 3వ పాఠం: అక్షరం ఎంత పెంచాలి, ఎప్పుడు ఆడియోకి మారాలి

గత పాఠంలో డాక్టరు చీటీ చదవడం నేర్చుకున్నాం. చూపు మధ్యలో పోతోందా, చుట్టూ అంచుల్లో పోతోందా అన్నది రాసిపెట్టుకోమన్నాను. ఈ పాఠంలో దాంతో పని పడుతుంది. చీటీ లేనివాళ్లు ముందు కళ్లు చూపించండి. విశాఖ హనుమంతవాకలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్తే, తక్కువ చూపు ఉన్నవాళ్లను చూసే విభాగం గురించి అడగండి.

పెద్ద అక్షరం అనగానే చాలామంది నేరుగా జిరాక్సు షాపుకి పోతారు. అంతకంటే ముందు ఇంట్లో చిన్న పరీక్ష ఒకటి పెట్టాలి. కథల్లోంచి యాభై మాటల చొప్పున నాలుగు ముక్కలు తీసుకుని 14, 18, 24, 30 పాయింట్లలో ఒక్కొక్కటీ ప్రింటు తీయండి. ముక్కలు వేరువేరుగా ఉండాలి, తాతగారికి కంఠతా వచ్చినవి కాకూడదు. వచ్చిన పద్యం ఇస్తే అక్షరం కనపడకపోయినా చదివేస్తారు, మనం మోసపోతాం. వరుసల మధ్య ఖాళీ ఒకటిన్నర రెట్లు పెట్టండి. లేకపోతే పైవరుస ఒత్తులు కిందివరుస గుడులకు తగిలి రెండూ కలిసిపోతాయి. నున్నటి మెరుపు కాగితం వద్దు. మధ్యాహ్నం సముద్రం వైపు కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టకండి, వెలుతురు భుజం మీదుగా కాగితం మీద పడాలి.

ఇక పైకి చదివించి, ఫోనులో టైం చూడండి. ఎంవీపీ కాలనీలో ఉండే ఒక తాతగారి లెక్క చెప్తాను. ఆయనకి మాక్యులా దెబ్బతిని మధ్యచూపు తగ్గింది. 14లో రెండు నిమిషాలు దాటింది, 18లో నిమిషం ఇరవై సెకన్లు, 24లో యాభై సెకన్లు. 30లోనూ దాదాపు యాభయ్యే. అంటే 24 తర్వాత ఎంత పెంచినా లాభం లేదు, ఆయన సైజు 24. టైంతో పాటు తప్పులూ రాసుకోండి. 18లో ఆయన 'అత్త'ని 'అత' అని చదివి, "ఇదేటమ్మా, మాట సగమే ఉంది?" అన్నారు. ఒత్తులు జారిపోతున్నాయంటే ఆ సైజు సరిపోలేదని అర్థం, టైం బాగున్నా సరే.

గ్లకోమాతో అంచుల చూపు పోయినవాళ్లకి లెక్క తిరగబడవచ్చు. కనిపించే చోటే చిన్నది కాబట్టి, అక్షరం పెంచేకొద్దీ అందులో పట్టే మాటలు తగ్గుతాయి. 24 కంటే 18లోనే వేగంగా చదివితే ఆశ్చర్యపోకండి, 18 దగ్గరే ఆగండి.

ఇప్పుడు జిరాక్సు. చేతిలో ఉన్న పుస్తకం అక్షరాన్ని మీ ప్రింటు కాగితాలతో పోల్చి చూడండి. 12 పాయింట్లు ఉందనుకుందాం. 24 కావాలంటే 200 శాతం పెంచాలి. ఏ5 పేజీ 200 శాతానికి ఏ3 అవుతుంది, దాన్ని ఒళ్లో పెట్టుకుని చదవడం కష్టం. అందుకని షాపులో ఇలా చెప్పండి: పేజీ పైసగం ఒక ఏ4 మీద, కిందిసగం ఇంకో ఏ4 మీద, అడ్డంగా. ఏ5లో సగం రెట్టింపు చేస్తే సరిగ్గా ఏ4 అవుతుంది. వరుస పొడవు ఎక్కువై తర్వాతి వరుస తప్పిపోతుంటే, నల్ల అట్టలో ఒక వరుస పట్టేంత సందు కోసి ఇవ్వండి. దాన్ని కిందికి జరుపుకుంటూ చదువుతారు.

మరి 200 పేజీల నవల? 400 ఏ4 ముఖాలు! రెండువైపులా కొడితే వెనకది ముందుకి కనపడి చూపుని చెడగొడుతుంది. అందుకే నా పద్ధతి ఇది: మళ్లీ మళ్లీ చూసుకునే పద్యాలు, శ్లోకాలు, పొట్టి కథలు కాగితం మీద, నవలలు చెవికి. కథకొక స్పైరల్ చాలు, మొత్తం సంపుటం ఒకేసారి వద్దు.

ఆడియోలో ముందు మనిషి గొంతు చదివినవి వెతకండి. తెలుగుకి దాసుభాషితం యాప్ ఉంది. మీకు కావలసిన పుస్తకం అలా దొరక్కపోతే పీడీఎఫ్‌ని ఫోను చేత చదివించాలనిపిస్తుంది. దానికి ముందు ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్టు చేసి చూడండి. పిచ్చి గుర్తులు వస్తే అది 'అను' లాంటి పాత డీటీపీ ఫాంట్లతో చేసిన ఫైలు కావచ్చు, ఫోను కూడా ఆ పిచ్చినే చదువుతుంది. అసలు కాపీయే కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. రెండింటికీ ముందు బొమ్మలోంచి అక్షరాలు తీసే పని ఉంటుంది, అది వచ్చే పాఠంలో.

ఇప్పటికి ఒక్క సెట్టింగు మార్చండి. స్లీప్ టైమర్ పదిహేను నిమిషాలకి పెట్టండి. పెద్దవాళ్లు వింటూ కునుకు తీస్తారు, లేచేసరికి కథ నాలుగు అధ్యాయాలు ముందుకి పోయి ఉంటుంది. "ఎక్కడిదాకా విన్నానో తెలీడం లేదురా" అని ఫోను పక్కన పెట్టేసేది ఎక్కువగా అక్కడే.