ఆఫ్‌సైడ్ చూసేటప్పుడు కళ్ళు ఎక్కడ పెట్టాలంటే

మొన్న బ్రాడీపేటలో మా బావ వాళ్ళింట్లో ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తుంటే గోల్ పడింది, అందరం లేచి అరిచాం, ఈలోపు ఆఫ్‌సైడ్ అని లైన్స్‌మన్ జెండా లేచింది. మా మేనల్లుడు "బాల్ అందినప్పుడు వాడు ముందున్నాడు కదా మావయ్యా, అందుకా?" అన్నాడు. కాదు. బాల్ అందినప్పుడు ఎక్కడున్నాడో అనవసరం, పాస్ కొట్టిన క్షణంలో ఎక్కడున్నాడన్నదే లెక్క.

అందుకే కాలు బాల్‌కి తగిలినప్పుడే చూపు అవతలి టీమ్‌లో గోల్ వైపు నుంచి రెండో ఆటగాడి మీదకి తిప్పండి, మామూలుగా మొదటివాడు గోల్‌కీపరే కాబట్టి రెండోవాడు చివరి డిఫెండర్ అవుతాడు. మనవాడు అవతలి సగంలో ఉండి, ఆ డిఫెండర్‌నీ బాల్‌నీ కూడా దాటేసి గోల్‌కి దగ్గరగా ఉంటే ఆఫ్‌సైడ్. డిఫెండర్‌తో సమానంగా ఉండి తర్వాత పరిగెత్తితే తప్పు లేదు.

ఐస్ హాకీలో అయితే డిఫెండర్ని చూడక్కర్లేదు, మంచు మీద నీలం గీతని చూస్తే చాలు. బాల్ బదులు వాడే గుండ్రటి బిళ్ళ, అంటే పక్, పూర్తిగా గీత దాటకముందే దాడి చేసేవాడి రెండు స్కేట్లూ దాటేస్తే ఆఫ్‌సైడ్, ఒక స్కేట్ ఇంకా గీతకి తగిలుంటే పర్లేదు. లైన్స్‌మన్ చెయ్యి లేచినా విజిల్ పడకపోతే కంగారుపడొద్దు, గీత లోపలున్న దాడి చేసే టీమ్ వాళ్ళంతా పక్‌ని ముట్టకుండా బయటికొచ్చేస్తే ఆట అలాగే సాగుతుంది.

ఒక్క జాగ్రత్త, మన ఇండియా టీమ్ ఆడే టర్ఫ్ హాకీకి ఇదేం పనికిరాదండి, అందులో ఆఫ్‌సైడ్ 1990ల్లోనే తీసేశారు, గోల్ ముందే నిలబడ్డా తప్పు కాదు.